కొత్త టీవీకి పాత గొంతు

సంక్రాంతికి తెనాలి వెళ్లేసరికి మా ఇంటి గోడ మీద కొత్త టీవీ వేలాడుతోంది. 43 అంగుళాలది. బొమ్మ కడిగిన ముత్యంలా ఉంది. మాట మాత్రం సరిగ్గా వినపడదు. "సీరియల్లో అందరూ నోట్లో నోట్లో గొణుక్కుంటున్నట్టే ఉంది నాన్నా. సౌండు పెంచితే పాటలు చెవుల్లో గీస్తున్నాయి" అంది అమ్మ.

టీవీ చెడిపోయింది కాదు. స్పీకరు మోగాలంటే గాలిని నెట్టాలి, గాలిని నెట్టాలంటే వెనక చోటు కావాలి. పాత డబ్బా టీవీకి ఆ చోటుండేది. ఇప్పటి టీవీ మందం రెండు మూడు వేళ్లు. అందులో ఇరికించిన బుల్లి స్పీకర్లు నేలవైపో గోడవైపో చూస్తుంటాయి. శబ్దం గోడకు తగిలి చెదిరి మన దగ్గరికి వస్తుంది. అందుకే మాటలు పలుచబడతాయి.

అదే గదిలో, కుట్టుపని చేసిన గుడ్డ కింద, నాన్న 2009లో బజార్లో కట్టించుకున్న హోమ్ థియేటర్ ఉంది. ఒక పెద్ద సబ్‌వూఫర్ పెట్టె, చుట్టూ ఐదు చిన్న స్పీకర్లు. ఆంప్లిఫయర్ ఆ పెట్టెలోనే ఉంటుంది. డీవీడీ ప్లేయర్ పోయాక దానికి పని లేకుండా పోయింది. మనీప్లాంట్ సీసాకు పీటలా పనికొస్తోంది. పాత సామాన్లవాడికి వేసేద్దామనుకుంటున్నానంది అమ్మ. ఒక పూట ఆగమన్నాను. ఆ పూట కాస్తా రెండు రోజులైంది. ఆ రెండు రోజుల్లో చేసిన తప్పులతో సహా ఆ కథ చెబుతాను. ఎందుకంటే ఇలాంటి పాత సెట్టు ఇంట్లో ఉన్నవాళ్లు పడే ఇబ్బందులు దాదాపు ఇవే.

మూడు రంగుల రంధ్రాల మోసం

నాన్న సెట్టు వెనక ఎరుపు, తెలుపు రంధ్రాల జత ఉంది. పక్కన 'ఆక్స్' అని రాసుంది. టీవీ వెనక తడిమితే అక్కడా పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలు కనిపించాయి. రంగుకు రంగు కలిపి వైరు గుచ్చాను. సెట్టు ఆన్ చేసి ఆక్స్ నొక్కాను. చడీచప్పుడూ లేదు. వైరు మార్చాను, మళ్లీ అంతే.

టార్చి వేసి చూస్తే గానీ తెలియలేదు. టీవీ మీద ఆ మూడు రంధ్రాల పక్కన 'ఏవీ ఇన్' అని ఉంది. అంటే అవి శబ్దం లోపలికి పోయే దారులు. పాత డీవీడీ ప్లేయర్‌నో వీడియో కెమెరానో టీవీకి కలుపుకోవడానికి పెట్టినవి. ఆక్స్ కూడా లోపలికి పోయే దారే. రెండు గరాటులను మూతికి మూతి కలిపితే నీళ్లు ఎటూ పోవు, నేను చేసిందీ అదే. ఒకప్పటి టీవీల్లో బయటికిచ్చే ఎరుపు తెలుపు జత కూడా ఉండేది, ఇప్పటివాటిలో అరుదు. సన్నటి టీవీల్లో ఇంకో చిక్కుంది. ఈ ఏవీ ఇన్‌ను కొన్నిట్లో ఒకే ఒక్క గుండ్రటి రంధ్రంగా పెడతారు. అది చూడ్డానికి అచ్చం హెడ్‌ఫోన్ రంధ్రంలాగే ఉంటుంది. కాబట్టి ఆకారాన్నీ రంగునూ నమ్మకుండా పక్కనున్న అక్షరాలు చదవాలి.

ఇప్పటి టీవీలో శబ్దం తీగ దారిన బయటికొచ్చే ద్వారాలు మామూలుగా మూడు. హెడ్‌ఫోన్, ఆప్టికల్, హెచ్‌డీఎంఐ. మూడోది పాత సెట్లకు చాలావరకు అందదు. టీవీ నుంచి శబ్దాన్ని వెనక్కి పంపే ఏఆర్‌సీ అనే ఏర్పాటు 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. అంతకు ముందటి డీవీడీ హోమ్ థియేటర్ మీద హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా, అది డీవీడీ బొమ్మను టీవీకి పంపడానికే. టీవీ శబ్దం దాంట్లోంచి వెనక్కి రాదు. ఇక మిగిలినవి రెండు దారులు.

మొదటి దారి: హెడ్‌ఫోన్ రంధ్రం

ఇది చవకైన దారి. ఒకవైపు 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ పిన్ను, రెండోవైపు ఎరుపు తెలుపు పిన్నులు ఉన్న వైరు ఒకటి చాలు. సెల్‌ఫోన్ సామాన్లమ్మే కొట్లోనూ దొరుకుతుంది. హెడ్‌ఫోన్ పిన్ను మీద నల్లటి గీతలు రెండే ఉండాలి. మూడు గీతలున్నది మైకున్న ఇయర్‌ఫోన్ల రకం. దాన్ని టీవీకి వాడితే ఒకవైపే మోగడం, మాట బోలుగా వినిపించడం లాంటి తేడాలు రావచ్చు.

పిన్ను గుచ్చగానే చాలా టీవీలు తమ స్పీకర్లను మూసేసి శబ్దాన్ని ఇటు మళ్లిస్తాయి. మళ్లించకపోతే సెట్టింగ్స్‌లో Sound Output అనే చోట హెడ్‌ఫోన్‌ను ఎంచుకోవాలి.

ఇక్కడ వాల్యూం రెండు చోట్ల ఉంటుంది, టీవీలో ఒకటి, ఆంప్లిఫయర్‌లో ఒకటి. ఈ రెండింటి పొత్తు కుదరకపోతే సౌండు బాగుండదు. టీవీని 15 దగ్గర ఉంచి ఆంప్లిఫయర్‌ను బాగా పెంచారనుకోండి, అది మాటతో పాటు వైరులోని 'సుయ్'మనే రొదనూ పెంచుతుంది. టీవీని 100కు ఎక్కిస్తే దాంట్లోని బుల్లి హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ అంత మోయలేక, గట్టి శబ్దాల దగ్గర గొంతు చీరుకుపోతుంది. టీవీని 70, 80 మధ్య పెట్టి, గదికి ఎంత గట్టిగా కావాలో అంతవరకు ఆంప్లిఫయర్ తిప్పి వదిలేయడం మేలు. ఆ తర్వాత తగ్గించడం, పెంచడం టీవీ రిమోట్‌తోనే.

మా సెట్టు మోగింది. ఐదు స్పీకర్లూ మోగాయి. అమ్మ మొహం వెలిగింది. కానీ సీరియల్లో ఎవరూ మాట్లాడని చోట సబ్‌వూఫర్‌లోంచి 'ఊ…' అంటూ సన్నగా, ఆగకుండా ఒక మూలుగు వస్తోంది.

ఆ మూలుగు ఎక్కడిది?

మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ ఊగు, దాని రెట్టింపులు శబ్దంలో కలిస్తే ఈ మూలుగు పుడుతుంది. సెట్టు పాతబడిందనో స్పీకరు పోయిందనో అనుకుంటాం గానీ ఎక్కువసార్లు తప్పు రెండింటిలోనూ ఉండదు. అవి ఒకదానికొకటి కలవడంలో ఉంటుంది.

మా ఇంట్లో అది ఎలా వచ్చిందంటే, హోమ్ థియేటర్‌ది మూడు పిన్నుల ప్లగ్గు, అంటే ఇంటి ఎర్తింగ్‌కు కలిసి ఉంది. టీవీకి సెట్‌టాప్ బాక్సు ఉంది. ఆ బాక్సులోకి వీధి స్తంభం మీంచి కేబుల్ వైరు దిగుతుంది. ఆ వైరు పైతొడుగు లోహమే, దానికి వీధిలో ఎక్కడో తన ఎర్త్ ఉంటుంది. నేను హెడ్‌ఫోన్ వైరు గుచ్చగానే వీధి ఎర్తూ ఇంటి ఎర్తూ ఒక్క గొలుసయ్యాయి. రెండు ఎర్తులూ సరిగ్గా ఒకే మట్టంలో ఉండవు కాబట్టి ఆ గొలుసులో కొద్దిపాటి కరెంటు పారుతుంది. అది పారే దారి మన ఆడియో వైరే. మెకానిక్కులు దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు.

పట్టుకోవడం తేలిక. సెట్‌టాప్ బాక్సు వెనక ఉన్న గుండ్రటి కేబుల్ వైరును ఒక్క నిమిషం మరతిప్పి ఊడదీశాను. టక్కున మూలుగు ఆగిపోయింది. మళ్లీ తగిలిస్తే మళ్లీ 'ఊ…'. ఇక దొంగ ఎవరో తెలిసిపోయినట్టే. ఇలా ఊడదీసినా మూలుగు ఆగకపోతే ముందు ఆడియో వైరును అనుమానించాలి, ఆ తర్వాత ఆంప్లిఫయర్ లోపలి కెపాసిటర్లను. పాత సెట్లలో అవి ఎండిపోతుంటాయి. టీవీ వైరు పూర్తిగా తీసేసినా మూలుగుతుంటే జబ్బు సెట్టుదే.

మూలుగు పోగొట్టడానికి కొందరు ఒక సలహా ఇస్తారు, ఆంప్లిఫయర్ ప్లగ్గుకున్న లావు పిన్ను విరగ్గొట్టమని. ఆ పని మాత్రం వద్దు. మూలుగు పోతుంది, నిజమే. రేపు లోపల వైరు తెగి ఇనుప పెట్టెకు తగిలితే మనిషికి షాక్ కొట్టకుండా కాపాడేది ఆ పిన్నే.

రెండో దారి: వెలుగు తీగ

రెండో రోజు ఆప్టికల్ దారి పట్టాను. దీని అందం ఏమిటంటే టీవీకీ సెట్టుకూ మధ్య లోహపు తీగే ఉండదు. జపాన్‌కు చెందిన తోషిబా 1983లో టాస్‌లింక్ పేరుతో దీన్ని తెచ్చింది. టీవీలోని చిన్న ఎర్ర దీపం సెకనుకు లక్షలసార్లు వెలిగి ఆరుతూ శబ్దాన్ని అంకెలుగా పంపుతుంది. మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ పోగు ఆ వెలుగును మోస్తుంది. వెలుగులో కరెంటు పారదు కాబట్టి గ్రౌండ్ లూప్ ఏర్పడే వీలే లేదు.

టీవీ మీద ఈ రంధ్రం చదరంగా ఉంటుంది, పైమూలలు చెక్కినట్టుంటాయి. చిన్న తలుపు మూసి ఉంటుంది. కేబుల్ కొత్తదైతే రెండు చివర్లా పారదర్శకమైన చిన్న టోపీలుంటాయి. వాటిని తీయకుండా గుచ్చడానికి ప్రయత్నించి, పట్టడం లేదని తిప్పలు పడేవాళ్లు చాలామంది. తీసి, మూలలు చూసుకుని గుచ్చితే 'టిక్'మని కూర్చుంటుంది. రెండో చివరను అరచేతి దగ్గర పెడితే చేతి మీద ఎర్రటి చుక్క పడాలి. పడితే టీవీ పంపుతోందన్నమాట. పడకపోతే Sound Output లో ఆప్టికల్ ఎంచుకోలేదేమో చూడాలి. కేబుల్‌ను వైరులా మడిచి మేకు వెనక ఇరికించకూడదు. పోగు విరిగితే అతుకు వేయలేం. పొడవు ఐదు మీటర్ల లోపు ఉంటే దిగులు లేదు.

మా సెట్టుకు ఆప్టికల్ రంధ్రం లేదు. అంకెల భాష దానికి రాదు, దానికి తెలిసింది అలల భాషే. మధ్యలో దుబాసీ కావాలి. దాన్నే డ్యాక్ అంటారు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల 'ఆప్టికల్ టు ఆర్‌సీఏ కన్వర్టర్' అని అడగాలి. అగ్గిపెట్టెకు కాస్త పెద్దదిగా ఉంటుంది. ఒకవైపు ఆప్టికల్, మరోవైపు ఎరుపు తెలుపు రంధ్రాలు. 5 వోల్టుల కరెంటు కోసం యూఎస్‌బీ వైరు.

అన్నీ కలిపాను. వార్తలు పెడితే శుభ్రంగా వినపడ్డాయి, మూలుగు లేదు. ఓటీటీలో సినిమా పెట్టాను. బొమ్మ కదులుతోంది, సౌండు మాయం. మళ్లీ వార్తలకు వస్తే సౌండు ఉంది.

ఈ తేడాలోనే జవాబుంది. టీవీ అంకెలను రెండు రకాలుగా పంపగలదు. ఒకటి పీసీఎం. అలలో ఒక్కో చోట ఎత్తు కొలిచి, ఆ కొలతలను ఉన్నవి ఉన్నట్టు వరసగా చెప్పడం. సెకనుకు 48,000 కొలతలు, కుడికీ ఎడమకూ విడివిడిగా. రెండోది డాల్బీ డిజిటల్. ఆరు స్పీకర్ల శబ్దాన్నీ పిండి, కుదించి, మూటకట్టి పంపడం. చవక డ్యాక్‌కు ఈ మూట విప్పడం రాదు. కొన్ని నోరు మూసుకుంటాయి, కొన్ని 'గరగర' కక్కుతాయి. మా టీవీ Auto లో ఉంది. వార్తల ఛానల్‌ను పీసీఎంగా, డాల్బీ ఉన్న సినిమాను మూటగా పంపుతోంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈ దారి పట్టాను:

```
Settings > Sound > Digital Audio Out > PCM
```

పేర్లు ఒక్కో టీవీలో ఒక్కోలా ఉంటాయి గానీ PCM అనే మాట దాదాపు ఎక్కడైనా అదే. అది పెట్టగానే సినిమా గొంతు విప్పింది. మూటను టీవీయే విప్పి, ఆరు దారులను రెండుగా కలిపి పంపుతోంది. సెట్‌టాప్ బాక్సుకు కూడా తన సొంత ఆడియో సెట్టింగ్ ఉంటుంది. ఛానళ్లలోనూ సౌండు పోతుంటే అక్కడా ఇదే మార్పు చేయాలి.

ఇంకో చిన్న ముల్లు మిగిలింది. డ్యాక్‌కు కరెంటు ఇవ్వడానికి దగ్గర్లో ఉంది కదా అని టీవీ యూఎస్‌బీలోనే గుచ్చాను. మూలుగు మళ్లీ మొదలైంది. ఆప్టికల్ తీగతో తెంపిన గొలుసును యూఎస్‌బీ వైరుతో నేనే మళ్లీ కలిపాను మరి. పాత సెల్‌ఫోన్ ఛార్జర్ ఒకటి తెచ్చి డ్యాక్‌ను విడిగా గోడ ప్లగ్గులో పెట్టాక నిశ్శబ్దం నిజంగా నిశ్శబ్దంగా ఉంది.

ఐదు మోగితే 5.1 అయినట్టేనా?

కాదు. హెడ్‌ఫోన్ దారిలో గానీ, డ్యాక్ దారిలో గానీ సెట్టుకు చేరేది కుడి, ఎడమ రెండే. వాటినే మన సెట్టు ఐదు స్పీకర్లకూ పంచుతుంది. వర్షం వెనక నుంచి కురిసినట్టు, మాట నడిమి స్పీకరులోంచి వచ్చినట్టు వినాలంటే ఆరు దారులూ విడివిడిగా రావాలి. ఆప్టికల్ ఏర్పాటుకు విడమరిచిన ఆరు దారులను మోసే వీలు లేదు. రెండింటిని విడమరిచి మోయగలదు, లేదా ఆరింటిని మూటకట్టి మోయగలదు.

మీ హోమ్ థియేటర్ వెనకే 'ఆప్టికల్ ఇన్' ఉంటే మీరు అదృష్టవంతులు. దానికి మూట విప్పడం వచ్చి ఉంటుంది. మీకు డ్యాక్ అక్కర్లేదు. టీవీలో నేను చేసినదానికి తలకిందులుగా చేయాలి, PCM కాకుండా Dolby Digital లేదా Auto పెట్టాలి. సినిమా మొదలవగానే సెట్టు డిస్‌ప్లే మీద డాల్బీ డిజిటల్ అని వస్తే ఆరూ వచ్చాయన్నమాట. పీసీఎం అని వస్తే రెండే. ఓటీటీలో కనిపించే అట్మాస్ మాత్రం ఈ తీగలో పట్టదు, దాని ఆశ వదులుకోవాలి.

బజార్లో కట్టిన సెట్లలో కొన్నిటికి ఆక్స్‌తో పాటు ఆరు రంధ్రాల వరస కూడా ఉంటుంది, ఒకప్పుడు డీవీడీ ప్లేయర్ కోసం పెట్టినది. అలాంటివాటికి 5.1 డీకోడర్ అనే పెట్టె అమ్ముతారు. అది ఆప్టికల్‌లోంచి మూట తీసుకుని, విప్పి, ఆరు వైర్లలో ఇస్తుంది. మామూలు డ్యాక్ కంటే ధర ఎక్కువ. సెట్టు వెనక ఆ ఆరు రంధ్రాలూ ఉన్నాయో లేదో చూసుకున్నాకే కొనాలి.

స్పీకర్లు మాత్రమే ఉండి ఆంప్లిఫయర్ పోయినవాళ్లూ ఉంటారు. వెనక ఎరుపు, నలుపు తీగలు తప్ప కరెంటు వైరు లేనివి. వాటిని తిన్నగా హెడ్‌ఫోన్ రంధ్రానికి కలపకూడదు. ఆ రంధ్రం 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు సరిపడా, వాటులో పిసరంత ఇవ్వడానికి చేసింది. 4 ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే చీమ గొంతుతో మోగుతుంది, టీవీలోని ఆ భాగం మీద మోయలేనంత భారం పడుతుంది. మధ్యలో చిన్న స్టీరియో ఆంప్లిఫయర్ ఉండాల్సిందే.

రిమోట్ ఎవరి చేతిలో?

రెండో రోజు సాయంత్రానికి అంతా సిద్ధం. మూలుగు లేదు, గరగర లేదు, పెదాలకూ మాటకూ పొంతన కుదిరింది. మాట పెదాల కంటే ముందొస్తే టీవీలో Audio Delay పెంచి శబ్దాన్ని కాస్త ఆపవచ్చు. మాకు ఆ అవసరం రాలేదు.

రాత్రి భోజనాలయ్యాక అమ్మ పిలిచింది. "ఒరేయ్, ఇది ఎంత నొక్కినా తగ్గట్లేదు. ప్రకటనలొస్తే ఇల్లు దద్దరిల్లిపోతోంది."

ఆమె నొక్కుతున్నది టీవీ రిమోట్. ఆప్టికల్‌లో చాలా టీవీలు శబ్దాన్ని ఎప్పుడూ ఒకే మట్టంలో పంపుతాయి. టీవీ రిమోట్ మాట వినవు. పెంచాలన్నా తగ్గించాలన్నా హోమ్ థియేటర్ రిమోట్ కావాలి. అది ఏ అటక మీద పోయిందో పదేళ్లుగా ఎవరికీ తెలియదు. ప్రకటన వచ్చినప్పుడల్లా అమ్మ లేచి వెళ్లి పెట్టె మీద బొత్తాం తిప్పాలి. ఆమె మోకాళ్లకు అది కుదిరే పని కాదు.

మర్నాడు ఆప్టికల్ తీసేశాను. మళ్లీ హెడ్‌ఫోన్ వైరే పెట్టి, దాని మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే బొటనవేలంత డబ్బీ గుచ్చాను. కారు స్టీరియో సామాన్లమ్మే కొట్లో దొరికింది. దాంట్లో రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు పాట దాటుతుంది గానీ తీగకు తీగ తగలదు. అందుకే గొలుసు తెగింది, మూలుగు ఆగింది. చవక డబ్బీ కాబట్టి సబ్‌వూఫర్‌లో అడుగు దెబ్బ పిసరంత తగ్గింది. ఆ తేడా నాకు వినపడింది, అమ్మకు పడలేదు.

ఇప్పుడు ఆమె టీవీ రిమోట్‌తోనే పెంచుతుంది, తగ్గిస్తుంది. డ్యాక్ నా బ్యాగులో నాతో పాటు ఊరు దాటింది. రిమోట్ పోగొట్టుకోని మా ఇంటి సెట్టుకు అదే సరైన జోడీ. మనీప్లాంట్ సీసా కిటికీలోకి మారింది. ఆకులు ఎండకు తేరుకున్నాయని మొన్న ఫోన్లో చెప్పింది అమ్మ. వెనక సీరియల్లో ఎవరో ఎవరినో తిడుతున్నారు. ఒక్క అక్షరం పోకుండా నాకు ఇక్కడికి వినపడింది.